పేరు పొడవు... గడి పొట్టి

“మామూ, పట్టాలో ఉన్నవాడూ పాస్‌పోర్టులో ఉన్నవాడూ ఒకడే అనడానికి ఆధారం చూపమంటున్నారు.”

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి మా ఆపా కుమారుడు ఫోనులో అన్న మాట ఇది. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో నాలుగేళ్ళు పనిచేసి, రియాదులో ఉద్యోగం సంపాదించుకున్నాడు. వీసాకు ముందు అతని పట్టా నిజమైనదేనా అన్న పరిశీలన జరగవలసి ఉంది. పరిశీలించినవారు పట్టాను, పాస్‌పోర్టును పక్కపక్కన పెట్టి చూసి, పేర్లు కలవడం లేదని కాగితాలను వెనక్కి పంపారు. ఉద్యోగంలో చేరవలసిన తేదీకి ఇంకా ఐదు వారాలే ఉంది.

అతని అసలు పేరు ఇక్కడ చెప్పను. అంతే పొడవు, అటువంటి అమరిక ఉన్న మరో పేరు తీసుకుందాం: షేక్ ఖాజా మొహమ్మద్ అబ్దుల్ ఖుద్దూస్ సిద్దీఖీ. అందులో తాతగారి పేరు ఉంది, వంశనామం ఉంది, దైవప్రవక్త (స) శుభనామం ఉంది, అల్లాహ్‌కు దాసుడన్న అర్థం ఉంది. పెద్దలు ప్రేమగా పెట్టుకున్న ఆ ఆరు పదాలను ఇంగ్లీషులో రాస్తే, ఖాళీలతో కలిపి 42 అక్షరాలు. ఆ రాత్రి అతని పత్రాలన్నీ తెప్పించుకుని చూస్తే నాలుగింటిలో నలుగురు మనుషులు కనిపించారు.

```
పాస్‌పోర్టు:  SHAIK KHAJA MOHAMMED ABDUL QUDDUS SIDDIQUI
పట్టా:       SK K M A QUDDUS
పాన్:        QUDDUS SHAIK
బ్యాంకు కార్డు: SHAIK KHAJA MOHAMMED ABDUL
```

ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. ప్రతిచోటా ఒక గడి పొట్టిదయింది. ప్రతిచోటా ఒక్కొక్కరు తమకు తోచిన విధంగా పేరును కత్తిరించారు. పదో తరగతి విద్యార్థుల వివరాలు నింపిన బడి గుమాస్తా మన పాత అలవాటు ప్రకారం SK అన్నాడు. ఇంటర్మీడియెట్‌లో, విశ్వవిద్యాలయంలో పదో తరగతి పత్రాన్ని చూసి అదే పేరు ఎక్కించుకున్నారు. పాన్ దరఖాస్తు నింపిన దుకాణదారు మధ్య పదాలన్నీ వదిలేశాడు. బ్యాంకు కార్డు సంగతి మరీ విచిత్రం. కార్డు వెనుక ఉండే నల్లటి అయస్కాంత పట్టీలో పేరుకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 26 అక్షరాలే పడతాయి. సరిగ్గా 26వ అక్షరం దగ్గర పేరు ఆగిపోయి, చివర ABDUL అన్న పదం ఒంటరిగా మిగిలింది. ‘దాసుడు’ అని ఉంది; ఎవరి దాసుడో లేదు.

ముందుగా గమనించవలసినది

పేరు రాసే గడులన్నీ ఒక్కటి కావు. కొన్ని గడులలో రాసినది మన శాశ్వత నమోదు అవుతుంది. ఆధార్, పదో తరగతి వివరాలు, పాస్‌పోర్టు, పాన్ దరఖాస్తులోని ఇంటిపేరు, మొదటి పేరు, మధ్య పేరు గడులు ఇటువంటివి. తక్కిన పత్రాలన్నీ వీటితో సరిపోలాలి. మరికొన్ని గడులలో రాసినది కేవలం ముద్రణ కోసం, ఆ ఒక్క అవసరం కోసం. కార్డు మీద అచ్చయ్యే పేరు, రైలు టికెట్టు మీద పేరు ఆ కోవకు చెందుతాయి. పొట్టి చేయడం రెండో రకంలో దోషం కాదు. మొదటి రకంలో మాత్రం అది ఏళ్ళ తర్వాత తిరిగివచ్చే అప్పు వంటిది.

ఈ తేడా పాన్ దరఖాస్తు 49ఎ లోనే స్పష్టంగా కనిపించేది. అందులో పూర్తి పేరు రాయడానికి వేరే గడులు. అక్కడ పొడి అక్షరాలు పనికివచ్చేవి కావు. కార్డు మీద ఏ విధంగా అచ్చు కావాలో రాయడానికి వేరే గడి; అక్కడ పొట్టి చేసుకునే వీలుండేది. కానీ ఒక షరతు ఉండేది. పొట్టి పేరులో ఇంటిపేరు మాత్రం పూర్తిగా ఉండి తీరవలసి ఉండేది. మా మేనల్లుడి దరఖాస్తులో దుకాణదారు ఈ రెండో గడిలో రాయవలసిన దానిని మొదటి గడులలో రాశాడు. చిక్కంతా అక్కడే మొదలయింది.

కాబట్టి గడి ముందు కూర్చున్నప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న, ‘ఇందులో ఎన్ని అక్షరాలు పడతాయి?’ అన్నది కాదు. ‘ఇక్కడ రాసినదాన్ని రేపు మరొకరు మరో పత్రంతో పోల్చి చూస్తారా?’ అన్నది. చూస్తారనిపిస్తే, ఆ గడిలో పేరు నిజంగానే పట్టదా అని ఒకసారి పరీక్షించాలి. చాలాసార్లు పడుతుంది. ఇంటిపేరుకు, మొదటి పేరుకు, మధ్య పేరుకు వేర్వేరు గడులున్నచోట మొత్తం పేరును ఒకే గడిలో కుక్కడం వల్లనే చోటు చాలదు. మన ప్రాంతంలో ‘షేక్’, ‘సయ్యద్’, ‘పఠాన్’ పేరుకు ముందు రావడం వల్ల చాలామంది దానిని మొదటి పేరు గడిలో రాస్తారు. అది మన ఇంటిపేరు అయితే, పలికేటప్పుడు ముందు వచ్చినా, దాని చోటు ఇంటిపేరు గడే.

పదం మధ్యలో కత్తెర పెట్టవద్దు

ఇక నిజంగానే చోటు చాలని గడి వచ్చిందనుకుందాం. అప్పుడు పాటించవలసిన పద్ధతి చిన్నదే. పదాల వరుస మార్చకూడదు. అక్షరక్రమం మార్చకూడదు. పదాన్ని పూర్తిగానైనా ఉంచాలి, లేదా దాని మొదటి అక్షరాన్ని మాత్రమే ఉంచాలి. ఇంటిపేరును, మిమ్మల్ని జనం పిలిచే పేరును పూర్తిగా ఉంచి, తక్కిన పదాలనే పొడి అక్షరాలుగా మార్చాలి.

ఈ కొలతతో చూస్తే, తరతరాలుగా మనం వాడుతున్న SK, MD రెండూ తప్పుతాయి. SHAIK లోంచి మొదటి అక్షరం S, చివరి అక్షరం K తీసుకుని SK అన్నాం. MOHAMMED లోంచి అలాగే MD అన్నాం. చేత్తో రాసే రోజుల్లో చదివేవాడు మనవాడే గనుక అర్థం చేసుకునేవాడు. కంప్యూటరుకు S అన్నది SHAIK కు మొదటి అక్షరం కావచ్చునని తెలియజేయవచ్చు. చాలా వ్యవస్థలు అంతవరకు చూస్తాయి. కానీ SK అన్నది దాని దృష్టిలో రెండక్షరాల మరో పదం. అక్షరం అక్షరం పోల్చే వ్యవస్థ అయితే అంతకంటే ముందే కాదంటుంది. MOHD కూడా ఇంతే. MD కి ఇంకో చిక్కు ఉంది. విదేశాలలో అది వైద్యుల బిరుదు. పైగా ఆ రెండక్షరాలను అరబీలోకి మార్చవలసినవారికి అది పేరుగా చదవడానికే వీలుపడదు. శుభనామాన్ని రెండక్షరాలకు కుదించడం చాలామంది పెద్దలకు మనసొప్పని సంగతి కూడా.

ఇంటిపేరును పూర్తిగా ఎందుకు ఉంచాలంటే, మన పేర్లలో S అక్షరం ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. షేక్‌కూ అదే, సయ్యద్‌కూ అదే, సిద్దీఖీకీ అదే. S K M A QUDDUS S అని రాస్తే ముందున్న S ఏదో, వెనకున్నది ఏదో ఎవరు చెప్పగలరు? కొన్ని ఫారాలు ఇంటిపేరును చివరకు నెడతాయి కనుక వరుస కూడా ఆధారం కాదు.

పిలిచే పేరు విషయంలో మన ఇళ్ళలో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసినది ఒకటుంది. ‘అబ్ద్’ అంటే దాసుడు. ‘ఖుద్దూస్’ అల్లాహ్ శుభనామాలలో ఒకటి. పరమ పవిత్రుడని అర్థం. అబ్దుల్ ఖుద్దూస్ రెండు పదాలుగా రాసినా ఒకే పేరు. దానిని విడదీసి ‘ఖుద్దూస్’ అని మాత్రమే ఉంచితే, దాసుని పేరు పోయి యజమాని పేరు మిగులుతుంది. ‘రహ్మాన్’ విషయమూ అంతే. మన ధార్మిక విద్వాంసులు మాటల్లో కూడా ఇలా పిలవవద్దని హెచ్చరిస్తారు. మనమేమో గడి చిన్నదని ప్రభుత్వ పత్రాలలోనే అలా నమోదు చేసుకుంటున్నాం. మా మేనల్లుడి పాన్ కార్డు మీద అచ్చయింది అదే. అందువల్ల ఇటువంటి పేర్లు ఉన్నవారు చోటు కోసం ఏది తగ్గించుకున్నా సరే, ‘అబ్దుల్’ను దాని తర్వాతి పదంతో కలిపి చెక్కుచెదరకుండా ఉంచుకోవాలి.

ఈ పద్ధతిలో ఆ 42 అక్షరాల పేరు ఎలా తగ్గుతుందో చూడండి.

```
42  SHAIK KHAJA MOHAMMED ABDUL QUDDUS SIDDIQUI
31  SHAIK K M ABDUL QUDDUS SIDDIQUI
24  SHAIK K M ABDUL QUDDUS S
18  SHAIK ABDUL QUDDUS
```

రెండో వరుసలో మధ్యనున్న రెండు పదాలు పొడి అక్షరాలయ్యాయి. మూడో వరుసలో వంశనామం కూడా ఒక్క అక్షరమయింది. ఇది కార్డులోని 26 అక్షరాలలో సుఖంగా ఇముడుతుంది. నాలుగోదానిలో పొడి అక్షరాలు కూడా పోయాయి. అయినా ఏ వరుసను తీసుకున్నా, దాని పక్కన పూర్తి పేరు పెట్టి ఎడమ నుంచి కుడికి వేలు పెట్టి చూసుకుంటే, పొట్టి పేరులోని ప్రతి పదమూ పూర్తి పేరులో అదే వరుసలో దొరుకుతుంది. కొత్తగా చేరినది లేదు, ముందు వెనుకలైనది లేదు. పట్టాలోని SK K M A QUDDUS ను అలా చూడబోతే మొదటి పదం దగ్గరే వేలు ఆగిపోతుంది.

ఈ నాలుగు వరుసలనూ ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు ఉంచుకోవాలి. ఇంకెప్పుడు ఏ గడి వచ్చినా, ఇందులో పట్టే వాటిలో అన్నిటికంటే పొడవైనది రాయాలి. అప్పటికప్పుడు ఐదో రూపం కల్పించకూడదు. దుకాణంలో దరఖాస్తు నింపించేవారు ఆ కాగితాన్నే నింపేవారి చేతికివ్వాలి. తండ్రి పేరు గడికి కూడా ఇదే వర్తిస్తుంది. పిల్లల పత్రాలలో తండ్రి పేరు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉండి అవస్థపడేవారు తక్కువమందేమీ కాదు.

ఒక హెచ్చరిక. చాలా గడులు నిండిపోయాక నోరు విప్పి చెప్పవు. మనం కొడుతూనే ఉంటాం, అక్షరాలు పడడం మానేస్తాయి. వేరే చోట రాసినదాన్ని తెచ్చి అతికిస్తే, తోక మాయమైన సంగతి తెలియను కూడా తెలియదు. కాబట్టి సమర్పించే ముందు కనిపించే చివరి పుటలో పేరులోని మొదటి పదాన్ని కాదు, చివరి పదాన్ని చూడాలి. చుక్కల విషయం కూడా అంతే. కొన్ని ఫారాలు చుక్కను స్వీకరించవు, కొన్ని స్వీకరించి తొలగిస్తాయి, కొన్ని అలాగే ఉంచుతాయి. పొడి అక్షరం తర్వాత చుక్క పెట్టకుండా ఒక ఖాళీ మాత్రమే వదిలితే ఈ తగాదా ఉండదు.

ఖాళీ కూడా ఒక అక్షరమే అన్నది ఆడపిల్లల పేర్లలో ఎక్కువగా దెబ్బ తీస్తుంది. NOORUNNISA అని ఒకచోట, NOOR UN NISA అని మరోచోట రాస్తే మనకు రెండూ ఒకటే. యంత్రానికి మొదటిది ఒక పదం, రెండోది మూడు పదాలు. ఆ మూడింటిలో చివరిదాన్ని ఇంటిపేరనుకునే ఫారాలు కూడా ఉన్నాయి. ‘బేగం’ను బడిలో B అని, ఆధార్‌లో BEGUM అని, పెళ్ళయ్యాక భర్త పేరు చేర్చి మరో విధంగా రాయించుకున్న ఇల్లాళ్ళు మన చుట్టూ ఎందరో ఉన్నారు. నికాహ్ వల్ల స్త్రీ తన పేరును గాని, తండ్రి పేరును గాని వదులుకోవలసిన అవసరం షరీయత్‌లో లేదు. మార్చకుండా ఉంచుకుంటే ఈ చిక్కులలో సగం పుట్టనే పుట్టవు.

విమానం టికెట్టు వేరు

ఇంతవరకు చెప్పిన పద్ధతికి ప్రయాణం ఒక మినహాయింపు. పాస్‌పోర్టు ఫొటో పుటలో అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. ఒక్కొక్కదానిలో 44 స్థానాలు. పై వరుసలో మొదటి ఐదు స్థానాలు పత్రం రకానికి, దేశానికి పోగా పేరుకు మిగిలేవి 39. ముందు ఇంటిపేరు, తర్వాత రెండు బాణపు గుర్తులు, ఆ తర్వాత తక్కిన పేరు వస్తాయి. మనం తీసుకున్న పేరు అక్కడ 43 స్థానాలు అడుగుతుంది. అందువల్ల తోక తెగి ఇలా ముగియవచ్చు:

```
P<INDSHAIK<<KHAJA<MOHAMMED<ABDUL<QUDDUS<SIDD
```

దీనిని చూసి పాస్‌పోర్టులో అచ్చు తప్పు పడిందని కంగారుపడనవసరం లేదు. చివరి స్థానంలో బాణపు గుర్తు కాక అక్షరం ఉంటే, పేరు తెగి ఉండవచ్చునని తనిఖీ యంత్రాలకు సూచన. అంతర్జాతీయ నియమమే అది. పై భాగంలో పేరు పూర్తిగా ఉందా లేదా అన్నదే మనం చూసుకోవాలి.

ఇలా తోక తెగినప్పుడు మధ్య పదాలు పొడి అక్షరాలు కావు. కనుక విమానం టికెట్టుకు మనం కూడా అలాగే చేయాలి. ఇంటిపేరు గడిలో పాస్‌పోర్టులోని ఇంటిపేరు. రెండో గడిలో తక్కిన పేరు మొదటి పదం నుంచి వరుసగా, చోటు ఉన్నంతవరకు. SHAIK ABDUL QUDDUS అని మన పొట్టి రూపం అక్కడ రాస్తే, పాస్‌పోర్టులో షేక్ తర్వాత ఖాజా ఉండగా టికెట్టులో అబ్దుల్ ఉంటుంది. విమానాశ్రయంలో అడ్డు తగిలేది ఇటువంటి తేడాయే. పేరు పూర్తిగా పట్టకపోతే టికెట్టు ఇచ్చినవారికి చెప్పి, పాస్‌పోర్టు వివరాలలో పూర్తి పేరు చేర్పించాలి. ఇక బోర్డింగ్ పాస్ మీద ఉండే చారల గుర్తులో పేరుకు 20 స్థానాలే. SHAIK/KHAJAMOHAMMEDA అని పదాలు అతుక్కుని, సగంలో తెగి కనిపిస్తే అది లోపం కాదు, ఆ గుర్తు కొలత. ఉమ్రాకు వెళ్ళే వృద్ధులు దీన్ని చూసి భయపడడం నేను కళ్ళారా చూశాను.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేయడం మాత్రం నిజంగా ప్రమాదకరం. పేరంతా ఒక్క పదమే అయి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. పొట్టిగా ఉంటే హాయి అని పిల్లలకు ఒక్క పదమే రాయిస్తున్న తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

మా మేనల్లుడి పత్రాలు

చివరకు అతనేం చేశాడన్నది చెప్పాలి. పేర్లు రెండైనా మనిషి ఒకడే అని నోటరీ ముందు ప్రమాణపత్రం రాయిస్తే సరిపోతుందని మేమంతా అనుకున్నాం. అది కొన్నిచోట్ల చెల్లుతుంది. అతనికి చెల్లలేదు, ఎందుకంటే పట్టాను ధ్రువపరచవలసినవారు తమ ముందున్న రెండు పత్రాలనే చూస్తారు. ఆధార్‌ను పట్టాకు తగినట్టు మార్చేద్దామని ఎవరో సలహా ఇచ్చారు. ఆధార్‌లో పేరు మార్పుకు సాధారణంగా జీవితంలో రెండే అవకాశాలు. పైగా SK ను శాశ్వతం చేసుకోవడం తెలివైన పని కాదు. అందుకని మొదటి పత్రం నుంచి సరిచేసుకుంటూ వచ్చాడు. చదివిన బడి ప్రధానోపాధ్యాయుని ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టి పదో తరగతి పత్రం, దాని ఆధారంతో ఇంటర్మీడియెట్ పత్రం, ఆ రెండింటితో విశ్వవిద్యాలయం పట్టా. ఒకటి చేతికొస్తే గాని తర్వాతి వారు ముట్టుకోరు. బడిలో పాత ప్రవేశ పుస్తకం భద్రంగా ఉండడం, అందులో తండ్రి చేతిరాతతో పూర్తి పేరు ఉండడం అతని అదృష్టం. అల్‌హమ్దులిల్లాహ్, ఆ ఒక్క పుట లేకపోతే ఏమయ్యేదో తెలియదు.

ఇదంతా పూర్తికావడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి ఉద్యోగం వేరొకరికి వెళ్ళిపోయింది. ఏడాది తర్వాత దమ్మాంలో మరొకటి దొరికింది, జీతం కొంచెం తక్కువ.

నిరుడు అతనికి కూతురు పుట్టింది. జనన నమోదులో పేరు వెంటనే రాయించకపోయినా, ఏడాదిలోపు రుసుము లేకుండా తర్వాత చేర్పించుకునే వీలుంది కనుక తొందర పడలేదు. మా ఆపా ఐదు పదాల పేరొకటి అనుకుంది. ఇద్దరు నానమ్మల పేర్లు అందులో ఉన్నాయి. అతను కాదనలేదు. ఒక కాగితం మీద ఆ పేరు రాసి, అక్షరాలు లెక్కపెట్టి, ఆమెకు చూపించాడు. చాలాసేపు మాట్లాడుకున్నాక రెండు పదాలు నిలిచాయి. రెండో పదాన్ని ఖాళీలు లేకుండా ఒకే ముక్కగా రాయించారు. షేక్‌ను ఇంటిపేరు గడిలో పూర్తిగా రాశారు. అన్నీ కలిపి 23 అక్షరాలు. తక్కిన మూడు పేర్లతోనూ మా ఆపా ఆ పిల్లను ఇంట్లో పిలుస్తూనే ఉంది.